ఫోన్‌లో వచ్చిన ఫ్లాట్ నక్షా: ఇల్లు కొనే ముందు గదుల కొలతలు, గుర్తులు ఎలా చదవాలి?

రాయ్‌పూర్‌లో ఫ్లాట్ కోసం వెతుకుతున్న కుటుంబానికి తొలుత అందేది ఇంటి తాళం కాదు, ఒక ఫొటో. బ్రోషర్‌లోని పేజీనో, సైట్ ఆఫీసు గోడకు అంటించిన నక్షానో ఎవరో ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపుతారు. దాన్ని విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో ఉన్న తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు పంపి అభిప్రాయం అడుగుతారు. చాలా కుటుంబాల్లో బయానా ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఆ ఒక్క ఫొటో చుట్టూనే జరుగుతుంది.

ఆ ఫొటో చాలా విషయాలు చెబుతుంది. చూడడం తెలియకపోతే కొన్నింటిని దాచేస్తుంది కూడా. ఇందుకు ఇంజినీరు కానక్కర్లేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు. అవగాహన కోసం ఒక నమూనా నక్షాను తీసుకుని, దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి చూద్దాం.

నమూనా ఫ్లాట్ వివరాలు

ఇది రెండు పడక గదుల ఫ్లాట్. బ్రోషర్‌లో సూపర్ బిల్టప్ 980 చదరపు అడుగులు, కార్పెట్ ఏరియా 695 చదరపు అడుగులు అని రాసి ఉంది. చదరపు అడుగు 3,500 రూపాయల చొప్పున ధర 34,30,000 రూపాయలు.

నక్షాలో గదులు నిలువు వరుసలుగా ఉన్నాయి. కుడి వరుసలో పైన వంటగది, దాని కింద హాలు. మధ్య వరుసలో పైన పెద్ద పడక గది, దాని కింద నడవా, ఆ కింద రెండో పడక గది. ఎడమ అంచున రెండు స్నానాల గదులు. హాలు బయట బాల్కనీ, వంటగది బయట బట్టలుతికే వాష్ ఏరియా.

గదుల పేర్ల కింద కొలతలు ఇలా ఉన్నాయి. హాలు 10'-6" × 17'-0". పెద్ద పడక గది 11'-0" × 12'-0". వంటగది 8'-0" × 9'-0". స్నానాల గదులు 5'-0" × 8'-0", 4'-6" × 7'-6". నడవా 3'-6" × 11'-0". బాల్కనీ 4'-0" × 10'-0". వాష్ ఏరియా 4'-0" × 6'-0".

రెండో పడక గది దగ్గర మాత్రం కాగితం మీద ఫ్లాష్ వెలుగు పడింది. ఒక కొలత 11'-0" అని తెలుస్తోంది. రెండో కొలతలో మొదటి అంకె 1 కనిపిస్తోంది కానీ, తర్వాతి అంకె తెల్లబడిపోయింది. "అది పన్నెండు అడుగులే, రెండు గదులూ సమానం" అని అమ్మే వ్యక్తి చెప్పారనుకుందాం. ఇది నిజమో కాదో ఫొటోతోనే తేల్చవచ్చు.

ఫొటో మీద స్కేలు పెట్టి కొలవకూడదు

నక్షా అడుగున 1:100 వంటి నిష్పత్తి కనిపిస్తే, స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలవాలనిపిస్తుంది. ఆ నిష్పత్తి అసలు కాగితం పూర్తి సైజులో ఉన్నప్పుడే చెల్లుతుంది. ఫొటోలో బొమ్మ చిన్నదవుతుంది, వేలితో లాగితే పెద్దదవుతుంది. పైగా ఫోన్‌ను కొంచెం వంచి తీసినా, దూరంగా ఉన్న అంచు కుంచించుకుపోతుంది. అందువల్ల నక్షా పైభాగంలోని గది, నిజానికి అంతే ఉన్న కింది గది కంటే చిన్నదిగా కనిపించవచ్చు.

కాబట్టి గీతల పొడవును కాదు, రాసి ఉన్న అంకెలనే నమ్మాలి. అంకె కనిపించకపోతే పక్క గదుల అంకెల నుంచి దాన్ని రాబట్టాలి. ఇంటి బయటి గోడ ఎక్కడా లోపలికి తగ్గకుండా, బయటికి పొడుచుకురాకుండా నేరుగా ఉంటే, పక్కపక్కనున్న రెండు వరుసల మొత్తం పొడవు ఒకటే కావాలి.

మన నమూనాలో కుడి వరుసను కూడదాం. వంటగది 9 అడుగులు, హాలు 17 అడుగులు. వాటి మధ్య లోపలి గోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాలు. మొత్తం 26 అడుగుల నాలుగున్నర అంగుళాలు. మధ్య వరుసలో పెద్ద పడక గది 12 అడుగులు, నడవా మూడున్నర అడుగులు, రెండు గోడలు కలిపి 9 అంగుళాలు. ఇవి 16 అడుగుల 3 అంగుళాలు. తీసివేస్తే రెండో పడక గదికి మిగిలేది 10 అడుగుల ఒకటిన్నర అంగుళం.

అంటే కనిపించని కొలత 10'-0". ఒకటిన్నర అంగుళం తేడా కొలతలను గుండ్రం చేయడంవల్ల వచ్చేదే. ఆ గది 12 అడుగులు ఉండాలంటే ఇంటి మధ్య వరుస బయటి గోడను దాటి దాదాపు రెండడుగులు ముందుకు రావాలి. నక్షాలో గోడ నేరుగానే ఉంది కాబట్టి అది సాధ్యం కాదు. గది విస్తీర్ణం 132 కాదు, 110 చదరపు అడుగులు.

అడుగులు, అంగుళాలు, చుక్కలు

కొలతల్లో ఒకే గీత ఉంటే అడుగులు, రెండు గీతలు ఉంటే అంగుళాలు. 10'-6" అంటే పది అడుగుల ఆరు అంగుళాలు. లెక్కించేటప్పుడు దీన్ని 10.5గా తీసుకోవాలి. ఎందుకంటే అడుగుకు పన్నెండు అంగుళాలు. ఆరు అంటే అందులో సగం.

కొన్ని బ్రోషర్లలో దీన్నే 10.6 అని చుక్కతో ముద్రిస్తారు. దాన్ని అలాగే క్యాలిక్యులేటర్‌లో కొడితే లెక్క తప్పుతుంది. అంగుళాలు ఎక్కువగా ఉన్న గదుల్లో ఈ తేడా పెద్దది. 10'-11" × 11'-10" గది అసలు విస్తీర్ణం సుమారు 129 చదరపు అడుగులు. 10.11ను 11.10తో గుణిస్తే 112 మాత్రమే వస్తుంది. 17 చదరపు అడుగులు లెక్కలోనే మాయమవుతాయి. అంగుళాలను ముందుగా పన్నెండుతో భాగించి, ఆ తర్వాత అడుగులకు కలపడమే సరైన పద్ధతి.

మంజూరైన నక్షాల్లో కొలతలు మీటర్లలోనో మిల్లీమీటర్లలోనో ఉండవచ్చు. 3.05 మీటర్లన్నా, 3050 అన్నా పది అడుగులే. చదరపు మీటర్లను 10.764తో గుణిస్తే చదరపు అడుగులు వస్తాయి. అంకెలు ఏ కొలమానంలో ఉన్నాయో తెలిపే వాక్యం సాధారణంగా కాగితం అంచున ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు ఎక్కువగా తెగిపోయేదీ ఆ అంచే.

కార్పెట్ ఏరియా లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

ఇప్పుడు గదులన్నిటినీ కూడదాం. హాలు 178.5, పెద్ద పడక గది 132, రెండో పడక గది 110, వంటగది 72, స్నానాల గదులు 40, 33.75, నడవా 38.5. మొత్తం 604.75 చదరపు అడుగులు.

2016 నాటి స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, వాడుకలో రెరా, కార్పెట్ ఏరియాను స్పష్టంగా నిర్వచించింది. ఫ్లాట్‌లో వాడుకోగల నికర నేల విస్తీర్ణమే కార్పెట్ ఏరియా. గదుల మధ్య ఉండే లోపలి గోడల మందం ఇందులో చేరుతుంది. బయటి గోడలు, పైపులు వెళ్లే డక్టులు, ఆ ఫ్లాట్‌కే చెందిన బాల్కనీ, వరండా, పైకప్పు లేని టెర్రస్ ఇందులో చేరవు.

మన ఫ్లాట్‌లో లోపలి గోడల పొడవు మొత్తం సుమారు 70 అడుగులు. నాలుగున్నర అంగుళాల మందంతో అవి దాదాపు 26 చదరపు అడుగులను ఆక్రమిస్తాయి. గదులతో కలిపితే కార్పెట్ ఏరియా సుమారు 631 చదరపు అడుగులు. బ్రోషర్‌లో ఉన్నది 695. తేడా 64.

బాల్కనీ 40, వాష్ ఏరియా 24. రెండూ కలిపితే సరిగ్గా 64. అంటే బ్రోషర్‌లోని 695లో ఈ రెండింటినీ చేర్చారన్నమాట. ఈ లెక్క రెండో పడక గది పది అడుగులేనని కూడా ధ్రువీకరిస్తోంది. అది 12 అడుగులైతే మొత్తం 22 చదరపు అడుగులు పెరిగి, ఈ అంకెలు ఇలా కలిసేవి కావు.

దీనివల్ల డబ్బు లెక్క మారుతుంది. 34,30,000 రూపాయలను 695తో భాగిస్తే చదరపు అడుగుకు సుమారు 4,940 రూపాయలు. 631తో భాగిస్తే సుమారు 5,440 రూపాయలు. ఇదే కుటుంబం బాల్కనీ కలపకుండా 640 చదరపు అడుగుల కార్పెట్ ఉన్న మరో ఫ్లాట్‌ను 33,28,000 రూపాయలకు చూసిందనుకుందాం. దాని రేటు 5,200. బ్రోషర్ మాట నమ్మితే మొదటిది చవక. ఒకే కొలబద్దతో కొలిస్తే రెండోది చవక.

బాల్కనీకి విలువ లేదని దీని అర్థం కాదు. బట్టలు ఆరేసుకోవడానికి, సాయంత్రం కూర్చోవడానికి అది కావాలి. కానీ దాన్ని విడిగా లెక్కించాలి. రెండు ఫ్లాట్లనూ పోల్చేటప్పుడు రెండింటి కార్పెట్‌నూ ఒకేవిధంగా, రెండింటి బాల్కనీలనూ విడిగా చూడాలి.

గదిలో నిజంగా ఎంత చోటు? గుర్తులు చెప్పే సంగతి

విస్తీర్ణం తెలిసినంత మాత్రాన గది ఎలా ఉపయోగపడుతుందో తెలియదు. అది గుర్తులు చెబుతాయి. గోడలో ఖాళీ దగ్గర ఒక గీత, దానికి తగిలించిన పావు వృత్తం తలుపు. ఆ వృత్తం ఎటు తిరిగితే తలుపు అటు తెరుచుకుంటుంది. గోడలో సన్నని సమాంతర గీతలుంటే కిటికీ. పక్కన రాసిన అక్షరాల్లో డి అంటే తలుపు, డబ్ల్యూ అంటే కిటికీ, వి అంటే స్నానాల గది వెంటిలేటర్. వాటి వెడల్పు, ఎత్తు నక్షా పక్కనున్న పట్టికలో ఉంటాయి. ముదురు రంగు నింపిన దీర్ఘచతురస్రాలు పిల్లర్లు. గుణకారపు గుర్తు వేసిన ఖాళీ పెట్టె సాధారణంగా డక్టు. చుక్కల గీతలు తల మీద ఉండేవాటిని సూచిస్తాయి. అటక, దూలం, సన్‌షేడ్ వంటివి అలా గీస్తారు.

మన రెండో పడక గదినే చూద్దాం. బ్రోషర్‌లో మంచం, బీరువా, రాత బల్ల అన్నీ హాయిగా పట్టినట్లు గీశారు. బొమ్మలోని సామానుకు కొలత రాయరు కాబట్టి దాన్ని చిన్నదిగా గీసినా తెలియదు. అందుకే మన ఇంటి సామాను కొలతలే వాడాలి. ఇద్దరు పడుకునే మంచం పరుపు వెడల్పు 5 అడుగులు, పొడవు ఆరున్నర అడుగులు. బట్టల అల్మారా లోతు 2 అడుగులు.

గది 11 అడుగుల వైపున మంచం తలభాగాన్ని ఒక గోడకు ఆనించి, ఎదురు గోడకు అల్మారా పెడితే ఎనిమిదిన్నర అడుగులు నిండిపోతాయి. మధ్యలో మిగిలేది రెండున్నర అడుగులు. నడవా వైపు నుంచి తలుపు సరిగ్గా ఆ సందులోకే తెరుచుకుంటే, రెండున్నర అడుగుల రెక్క ఆ సందును మొత్తంగా కప్పేస్తుంది. అల్మారా తలుపు తెరిచి ఉన్నప్పుడు గదిలోకి ఎవరూ రాలేరు. ఆ మూలలో పిల్లర్ 9 అంగుళాలు లోపలికి వచ్చి ఉంటే అల్మారాను మరోచోటికి జరపాల్సి వస్తుంది.

ఈ గది వృద్ధులైన తల్లిదండ్రుల కోసమైతే మరో విషయం చూడాలి. మంచం పక్కన నడిచే చోటు, స్నానాల గదికి దారి, ఆ గది తలుపు వెడల్పు నక్షా మీదే తెలుస్తాయి. మన నమూనాలో ఈ గదికి సొంత స్నానాల గది లేదు. నడవా గుండా వెళ్లాలి.

పేజీ పైభాగం ఉత్తరం కాదు

పాఠశాలలో చూసిన భారతదేశ పటం అలవాటుతో కాగితం పైభాగాన్ని ఉత్తరం అనుకుంటాం. బ్రోషర్‌లో నక్షాను పేజీకి సరిపడేలా తిప్పి ముద్రిస్తారు. కాబట్టి బాణం గుర్తును వెతకాలి. మన నమూనాలో బాణం పేజీ కుడివైపు చూపిస్తోంది. అంటే కుడివైపు ఉత్తరం, పైభాగం పడమర, కింది భాగం తూర్పు.

పెద్ద పడక గది కిటికీ పేజీ పైభాగాన ఉంది. ఉత్తరం కిటికీ అనుకున్నది నిజానికి పడమటి కిటికీ. మే నెలలో 44 డిగ్రీలు దాటే రాయ్‌పూర్‌లో మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా ఆ గోడ ఎండను పీల్చుకుంటుంది. రాత్రి పడుకునే వేళకు ఆ వేడిని గదిలోకి వదులుతుంది. వాస్తు చూసుకునే కుటుంబాలకూ ఈ బాణమే ఆధారం. ప్రధాన ద్వారం పేజీలో కిందవైపు ఉంటే, ఈ ఫ్లాట్ వాకిలి తూర్పుకు ఉన్నట్లు.

ఇక్కడి ఇళ్లలో చాలామంది వేసవిని ఎయిర్ కూలర్‌తో గడుపుతారు. కూలర్‌కు బయటి గాలి తగిలే కిటికీ ఒకటి, లోపలి గాలి బయటికి పోయే దారి మరొకటి కావాలి. కిటికీ డక్టులోకి తెరుచుకుంటే కూలర్ అక్కడ పనిచేయదు. గుణకారపు గుర్తున్న పెట్టెకు ఆనుకుని పడక గది కిటికీ ఉంటే, ఆ గదికి వెలుతురు, గాలి తక్కువేనని అర్థం.

ఫొటో నుంచి మంజూరైన నక్షాకు

ఇంతవరకూ మనం చదివింది ప్రచార పత్రం. కట్టడానికి ఆధారం మాత్రం అధికారులు మంజూరు చేసిన నక్షా. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో, లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించి కట్టే ప్రాజెక్టును అమ్మకానికి ముందే రెరాలో నమోదు చేయాలి. ఛత్తీస్‌గఢ్ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు లేదా రిజిస్ట్రేషన్ నంబరు ఆధారంగా వివరాలు వెతకవచ్చు. కార్పెట్ ఏరియాను, బాల్కనీ విస్తీర్ణాన్ని బిల్డర్ అందులో వేర్వేరుగా ప్రకటించాలి. మన 631 సరైనదో, బ్రోషర్ చెప్పిన 695 సరైనదో తేలేది అక్కడే.

మంజూరైన నక్షా, లేఅవుట్, నిర్మాణ ప్రమాణాల వివరాలు పొందే హక్కును చట్టంలోని 19వ సెక్షన్ కొనుగోలుదారుకు ఇచ్చింది. రాయ్‌పూర్‌లో ఆ కాగితంపై పేర్లు హిందీలో ఉంటే కంగారుపడనక్కర్లేదు. శయన్ కక్ష్ అంటే పడక గది, రసోయీ అంటే వంటగది, బైఠక్ అంటే హాలు. ఫ్లాట్ నంబరు, అంతస్తు, టవర్ పేరు మీరు కొనబోయేవేనా అన్నది ముందుగా చూడాలి. నమూనా ఫ్లాట్‌కు అద్దంలో ప్రతిబింబంలా తిరగేసిన నక్షా పక్క ఫ్లాట్‌కు ఉండడం మామూలే. అప్పుడు దిక్కులు, కిటికీలు మారిపోతాయి.

డబ్బు విషయంలో 13వ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి. అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. మన ఫ్లాట్‌కు అది 3,43,000 రూపాయలు. ఒప్పందానికి జతచేసే నక్షాలో ప్రతి గది కొలతా స్పష్టంగా ఉండాలి. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి నష్టపోయినవారికి పరిహారం గురించి 12వ సెక్షన్, మంజూరైన నక్షా ప్రకారమే కట్టాలని 14వ సెక్షన్ చెబుతున్నాయి. ఫిర్యాదు చేయాల్సి వస్తే మీకు వచ్చిన ఫొటో, బ్రోషర్, వాట్సాప్ సందేశం సాక్ష్యాలుగా పనికొస్తాయి. వాటిని చెరిపేయకూడదు.

పాత ఫ్లాట్‌ను దాని యజమాని నుంచి కొంటున్నప్పుడు రెరా పేజీ దొరకకపోవచ్చు. అప్పుడు టేపుతో కొలవడమే మార్గం. నేల దగ్గర, ఒక గోడ ముఖం నుంచి ఎదుటి గోడ ముఖం దాకా కొలవాలి. నక్షా కొలత ఇటుక గోడ నుంచి తీసుకున్నదైతే, ప్లాస్టరింగ్ తర్వాత ఒక అంగుళం దాకా తగ్గడం సహజం. ఆరు అంగుళాలు తగ్గితే మాత్రం కారణం అడగాలి.

గది ఎత్తు, దూలం ఎంత కిందికి వేలాడుతుంది, కిటికీకి ఎదురుగా మరో భవనం ఉందా అన్నవి ఈ నక్షాలో కనిపించవు. వాటికోసం స్థలానికి వెళ్లక తప్పదు. వెళ్లినప్పుడు నక్షాను మళ్లీ ఫొటో తీయండి. కాగితాన్ని చదునుగా పరచి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా పట్టుకుని, నాలుగు మూలలూ వచ్చేలా ఒక ఫొటో తీయాలి. ఉత్తరం బాణం, తలుపుల పట్టిక, అంచునున్న గమనికలను విడివిడిగా దగ్గర నుంచి తీయాలి. ఊళ్లో ఉన్న పెద్దలకు పంపాల్సింది ఆ ఫొటోలనే. అప్పుడు రెండో పడక గది పదా, పన్నెండా అని ఎవరినీ అడగాల్సిన అవసరం ఉండదు.